ఏ మతం మేలు? ఒక పార్శీ ప్రశ్న, బహావుల్లా సమాధానం

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో టెహరాన్ నగరంలో నివసించిన ఒక గుజరాతీ పార్శీ పెద్దమనిషి, పాలస్తీనా తీరంలోని అక్కా పట్టణంలో తురుష్క ప్రభుత్వపు బందీగా ఉన్న ఒక ఇరాన్ దేశీయునికి కొన్ని ప్రశ్నలు పంపాడు. ప్రపంచంలో ఇన్ని మతాలున్నాయి. ప్రతి మత ప్రవక్తా ఒక్కొక్క మాట చెప్పాడు. వీరిలో ఎవరిని మేలైనవానిగా ఎంచాలి, ఎవరి ధర్మం అంగీకారయోగ్యం అన్నది ఆ ప్రశ్నల సారాంశం. ప్రశ్నించినవాడు మానెక్‌జీ లింజీ హతారియా. సమాధానమిచ్చినవాడు బహాయీ ధర్మ సంస్థాపకుడైన బహావుల్లా. మతాల ఏకత్వాన్ని గురించి బహాయీలు చెప్పే సిద్ధాంతాన్ని తెలుసుకోదలచిన విద్యార్థికి ఈ ఉత్తర ప్రత్యుత్తరాలకు మించిన ప్రవేశద్వారం లేదు. ఏలయనగా, ఆ ప్రశ్నలు భారతదేశపు అనుభవం నుండి పుట్టినవి; హిందూ, జరతుష్ట్ర, యూదు, క్రైస్తవ, ఇస్లాం ధర్మాలు ఐదింటినీ పక్కపక్కన నిలిపి అడిగినవి.

ప్రశ్నించినవాడు

మానెక్‌జీ 1813లో సూరత్ సమీపంలోని ఒక గ్రామంలో జన్మించాడు. ఇరాన్‌లో మిగిలి ఉన్న జరతుష్ట్ర మతస్థుల దుస్థితిని బాపడానికి బొంబాయి పార్శీలు ఒక సంఘాన్ని స్థాపించి, 1854లో అతనిని తమ ప్రతినిధిగా ఆ దేశానికి పంపారు. అక్కడ అతను చూసిన దృశ్యం హృదయవిదారకమైనది. ఒకనాడు ఇరాన్ దేశమంతటా వ్యాపించి ఉన్న ఆ సమాజంలో నాటికి మిగిలినవారు యజ్ద్, కెర్మాన్ ప్రాంతాలలో సుమారు 7,000 మంది మాత్రమే. వారు జిజియా పన్ను చెల్లించాలి. పట్టణంలో గుర్రమెక్కి తిరగరాదు. నాటి ఇరాన్‌లోని షియా న్యాయవేత్తలలో అనేకులు ముస్లిమేతరులను ‘నజిస్’, అనగా తాకితే మైల సోకేవారు అని భావించేవారు. తడి ద్వారా ఆ మైల ఇతరులకు అంటుతుందన్న నమ్మకం వల్ల, వర్షం కురిసే వేళ ముస్లిమేతరులు వీధిలోకి రాకూడదన్న కట్టుబాటు కొన్ని పట్టణాలలో ఉండేది. తరువాతి కాలంలో షియా న్యాయవేత్తలలో పలువురు ఈ అభిప్రాయాన్ని సవరించుకున్నారు. కాని మానెక్‌జీ కాలంలో అది నిత్యజీవితాన్ని శాసించిన నియమం. అతను దశాబ్దాల తరబడి షా దర్బారులో పట్టువిడువక ప్రయత్నించిన ఫలితంగా 1882లో జరతుష్ట్రీయులపై జిజియా పన్ను రద్దయింది.

అందుచేత ‘ఏ మతం మేలు’ అన్న ప్రశ్న మానెక్‌జీకి కేవలం పాండిత్య వినోదం కాదు. ఒక మతం తానే తుది సత్యమని భావించి, ఇతరులను అంటరానివారుగా చూస్తే ఏమి జరుగుతుందో అతను కళ్ళారా చూశాడు. మరోవైపు, అతని సొంత పార్శీ సమాజం ఇతరులను తనలోకి రానిచ్చేది కాదు.

ఇతని వద్ద కార్యదర్శిగా ఉండిన మీర్జా అబుల్ ఫజల్ గొప్ప ఇస్లాం పండితుడు. టెహరాన్‌లోని ఒక మదర్సాకు ప్రధానాచార్యునిగా పనిచేసినవాడు. 1876లో బహాయీ మతాన్ని స్వీకరించినందుకు ఉద్యోగం కోల్పోయి, చెరసాల పాలయ్యాడు. విడుదలైన పిమ్మట మానెక్‌జీ అతనికి ఆశ్రయమిచ్చాడు. పార్శీ యజమాని ప్రశ్నలను అక్కాకు చేర్చినది ఇతని కలమే.

సమాధానమిచ్చినవాడు

బహావుల్లా అసలు పేరు మీర్జా హుసేన్ అలీ. 1817లో టెహరాన్‌లోని ఒక ఉన్నత కుటుంబంలో జన్మించాడు. 1844లో షీరాజ్ నగరపు యువ వర్తకుడొకడు ‘బాబ్’, అనగా ద్వారం అన్న బిరుదుతో, షియాలు ఎదురుచూస్తున్న ఉద్ధారకుడు తానేనన్న సందేశాన్ని ప్రకటించాడు. తనకంటె గొప్పవాడొకడు రానున్నాడని కూడా చెప్పాడు. బాబ్‌ను 1850లో తబ్రీజ్‌లో కాల్చి చంపారు. అతని అనుయాయి అయిన బహావుల్లా 1852లో టెహరాన్‌లోని నేలమాళిగ చెరలో బంధితుడై, మరుసటి సంవత్సరం బాగ్దాదుకు బహిష్కృతుడయ్యాడు. బాబ్ చెప్పిన ఆ రానున్నవాడు తానేనని 1863లో బాగ్దాదులో ప్రకటించాడు. అక్కడి నుండి కాన్‌స్టాంటినోపిల్‌కు, అడ్రియానోపిల్‌కు, చివరకు 1868లో అక్కా కోటకు తరలింపబడ్డాడు. 1892లో అక్కా సమీపంలోనే కన్నుమూశాడు.

మానెక్‌జీ తన మొదటి లేఖలో, జవాబు అరబ్బీ పదాలు కలియని అచ్చమైన పారసీకంలో ఉండాలని కోరాడు. బహావుల్లా ఆ కోరికను మన్నించి, 1878 ప్రాంతంలో అదే రీతిలో రాసి పంపాడు. కాని తన ప్రశ్నలకు విడివిడిగా బదులు రాలేదని మానెక్‌జీకి అసంతృప్తి మిగిలింది. అతను అబుల్ ఫజల్ చేత మరల రాయించాడు. 1882 జులైలో వచ్చిన రెండవ ప్రత్యుత్తరం ఒక్కొక్క ప్రశ్ననూ ఎత్తి చూపి, దాని వెంట సమాధానం చెప్పింది. బహావుల్లా మాటలను అతని లేఖకుడు తన పేరుతో అబుల్ ఫజల్‌కు రాసినట్లుగా ఆ లేఖ రూపొందింది. ఈ రెండు లేఖలూ, జరతుష్ట్ర వంశీయులకు రాసిన మరి కొన్ని లేఖలతో కలిసి, 2006లో ఆంగ్లంలో ఒక సంపుటంగా వెలువడ్డాయి.

ప్రశ్నలోని చిక్కు

మానెక్‌జీ మొదటి ప్రశ్నను తరచి చూస్తే అతను ఎంత సూక్ష్మంగా ఆలోచించాడో తెలుస్తుంది. అతను ప్రవక్తలను వారు తమ పూర్వులను గురించి చెప్పిన మాటలను బట్టి నాలుగు తెగలుగా విభజించాడు. మొదటి తెగ, జరతుష్ట్రునితో ముగిసే ప్రాచీన ఇరాన్ ప్రవక్తల పరంపర. వీరు ఒకరి ధర్మాన్ని మరొకరు బలపరచారే కాని రద్దు చేయలేదని అతని వాదం. ఈ పరంపర వృత్తాంతం 1818లో బొంబాయిలో అచ్చయిన ‘దసాతీర్’ అన్న గ్రంథం నుండి వచ్చింది. అది ప్రాచీన గ్రంథం కాదనీ, మొగలాయీల కాలం నాటి రచన అనీ నేటి పండితులు భావిస్తారు. రెండవ తెగ హిందూ అవతార పురుషులు. తామే భగవంతుడమనీ, లోకంలో కలహం ప్రబలినప్పుడల్లా మరల వస్తామనీ వారు చెప్పుకున్నారు. మూడవ తెగ మోషే, యేసు మొదలైనవారు. పూర్వుల మాట సత్యమే, కాని నేటి శాసనం ఇది అని వారు అన్నారు. నాలుగవది ఇస్లాం ప్రవక్త. అతని రాకతో వెనుకటి శాసనాలన్నీ చెల్లకపోయాయని మానెక్‌జీ అవగాహన.

ఈ నాలుగు వైఖరులూ ఒకదానికొకటి పొసగవు. పూర్వధర్మాన్ని బలపరచడమూ దానిని రద్దు చేయడమూ ఒకే పని కాజాలవు. దూతనని చెప్పుకోవడమూ దేవుడనని చెప్పుకోవడమూ ఒకే మాట కాజాలవు. అన్ని మతాలూ ఒకటేనని తేలికగా అనేవారు ఈ చిక్కును దాటవేస్తారు. మానెక్‌జీ దాటవేయలేదు. వీటిలో ఏది అంగీకారయోగ్యమో చెప్పమని నిలదీశాడు.

వైద్యుని ఉపమానం

బహావుల్లా సమాధానానికి కీలకం మొదటి లేఖలోని ఒక ఉపమానంలో ఉంది. భగవంతుడు సర్వజ్ఞుడైన వైద్యుడు. మానవజాతి నాడి అతని వేళ్ళ కింద ఉంది. రోగాన్ని గుర్తించి దానికి తగిన మందు ఇస్తాడు. ఒక్కొక్క యుగానికి ఒక్కొక్క బాధ ఉంటుంది కనుక నేటి రోగానికి నిన్నటి మందు పనికిరాదు. కాబట్టి మనిషి తాను జీవిస్తున్న కాలపు అవసరాలపై దృష్టి నిలపాలి.

ఈ ఉపమానం ప్రశ్న స్వరూపాన్నే మార్చివేస్తుంది. జ్వరంతో ఉన్న రోగికి వైద్యుడు మొదటి రోజున లంఘనం చెప్పాడు; పదవ రోజున పథ్యం పెట్టమన్నాడు; నెల గడిచాక కడుపునిండా తినమన్నాడు. ఈ మూడింటిలో ఏది మేలైన ఆదేశమని అడిగితే దానికి అర్థం ఉండదు. ఏ రోజు సంగతి అని మొదట అడగవలసి ఉంటుంది. మూడు ఆదేశాలూ పరస్పర విరుద్ధాలే. అయినా మూడింటి వెనుకా ఉన్న వైద్యుడు ఒక్కడే, ఉద్దేశమూ ఒక్కటే. మొదటి రోజు ఆదేశం తప్పు కాదు. దాని కాలం గడిచిపోయింది, అంతే. ఈ దృష్టితో చూస్తే పూర్వధర్మాన్ని బలపరచినవానికీ మార్చినవానికీ నడుమ వైరుధ్యం తొలగిపోతుంది.

ఈ భావాన్ని బహాయీలు ‘క్రమానుగత దైవావిష్కరణ’ అన్న అర్థమిచ్చే పేరుతో వ్యవహరిస్తారు. దీనిలో ప్రతి మతానికీ రెండు భాగాలుంటాయి. దైవభక్తి, సత్యం, కరుణ, న్యాయం వంటి ఆత్మ సంబంధమైన బోధ మొదటి భాగం. ఇది అన్ని మతాలలోనూ ఒకటే. ప్రతి ప్రవక్తా దీనిని పునరుద్ధరిస్తాడు. ఆహార నియమాలు, వివాహం, వారసత్వం, శిక్షలు, ఆరాధనా విధులు వంటి సాంఘిక శాసనం రెండవ భాగం. ఇది కాలాన్ని బట్టి మారుతుంది. మతకలహాలలో అధిక భాగం రెండవ భాగాన్ని మొదటి భాగంగా పొరబడడం వల్ల పుట్టినవేనని బహాయీల విశ్వాసం. బహావుల్లా కుమారుడు, అతని వాక్యానికి అధికార వ్యాఖ్యాత అయిన అబ్దుల్ బహా ఈ విభజనను తన ప్రసంగాలలో పలుమార్లు వివరించాడు.

అద్దమూ సూర్యుడూ

ఇక రెండవ చిక్కు మిగిలి ఉంది. ఒకడు దూతనన్నాడు, మరొకడు దేవుడనన్నాడు. ఇద్దరి మాటా ఎలా నిజమవుతుంది? దీనికి విస్తృతమైన సమాధానం బహావుల్లా 1862 ప్రాంతంలో బాగ్దాదులో రచించిన ‘కితాబె ఈఖాన్’, అనగా నిశ్చయ గ్రంథంలో లభిస్తుంది. బాబ్‌కు మేనమామ అయిన ఒక వర్తకుడు, తన మేనల్లుడే షియాలు ఎదురుచూస్తున్న ఉద్ధారకుడని నమ్మలేక సతమతమవుతూ అడిగిన సందేహాలకు జవాబుగా పుట్టిన గ్రంథమిది. దీని శిలాముద్రణ ప్రతులు 1880లలో వెలువడినది బొంబాయి నుండే.

ఆ గ్రంథం ప్రకారం పరమేశ్వరుడు మానవ బుద్ధికి అందనివాడు. ఏ శరీరంలోనూ ప్రవేశించడు. కాని నిర్మలమైన అద్దంలో సూర్యుడు ప్రతిఫలించినట్లు అతని గుణాలు ఒక మహాపురుషునిలో ప్రకాశిస్తాయి. అద్దంలోని కాంతిని చూపి ఇది సూర్యుడే అనవచ్చును. అద్దాన్ని చూపి ఇది సూర్యుడు కాదు, గాజు మాత్రమే అనవచ్చును. రెండూ సత్యాలే. దేవుడనని చెప్పినవాడు కాంతిని ఉద్దేశించి మాట్లాడాడు. సేవకుడనని చెప్పినవాడు అద్దాన్ని ఉద్దేశించి మాట్లాడాడు. ఈ విధంగా ప్రతి ప్రవక్తకూ రెండు స్థితులున్నాయి. ఏకత్వ స్థితిలో వారందరూ ఒక్కరే. ఒకరు తిరిగి వచ్చారనడమూ ఆ అర్థంలోనే. భేద స్థితిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరు, దేశం, కాలం, శాసనం ఉన్నాయి.

బహాయీ బోధ అవతార సిద్ధాంతానికి దగ్గరగా వచ్చేదీ, దాని నుండి విడివడేదీ ఇక్కడే. ధర్మగ్లాని కలిగినప్పుడల్లా ఒక మహాపురుషుడు వస్తాడన్న భావం రెండింటికీ సమానం. అయితే భగవంతుడే స్వయంగా దేహం ధరించి దిగివస్తాడన్న విశ్వాసాన్ని బహాయీలు అంగీకరించరు. సూర్యుడు అద్దంలోకి దిగడన్నది వారి మాట.

ఒక నియమం కథ

సిద్ధాంతం ఆచరణలో ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఒక నియమాన్ని తీసుకొని పరిశీలించాలి. మానెక్‌జీ సమాజాన్ని పీడించిన మైల నియమమే దానికి తగిన ఉదాహరణ. శుచిత్వం గురించిన విధులు అనేక ప్రాచీన మతాలలో ఉన్నాయి. బహాయీ తర్కాన్ని అనుసరిస్తే వీటిలో రెండు అంశాలను వేరు చేయాలి. శుభ్రత, ఆరాధనకు ముందు మనస్సును శరీరాన్ని సిద్ధం చేసుకోవడం అన్నవి మొదటి అంశం. ఫలానా జనసమూహం పుట్టుకచేత లేదా విశ్వాసంచేత అశుచి అన్నది రెండవ అంశం. 1873 ప్రాంతంలో అక్కాలో రచితమైన శాసన గ్రంథం ‘కితాబె అఖ్దస్’లో బహావుల్లా మొదటి అంశాన్ని నిలిపాడు. శుభ్రతను గట్టిగా విధించాడు. ప్రార్థనకు ముందు చేతులు, ముఖం కడుగుకోవాలన్నాడు. రెండవ అంశాన్ని రద్దు చేశాడు. 1863లో తన ప్రకటన జరిగిన పర్వదినపు మొదటి రోజుననే సర్వ సృష్టీ శుద్ధి పొందిందనీ, ఇకమీదట ఏ జాతి వారినీ, ఏ మతం వారినీ అశుచిగా ఎంచరాదనీ శాసించాడు. సర్వ మతస్థులతోనూ స్నేహంగా కలిసి మెలగాలని ఆదేశించాడు. మత యుద్ధాన్ని కూడా నిషేధించాడు.

దీని ఫలితం కాగితంపై ఆగిపోలేదు. పందొమ్మిదవ శతాబ్దం చివరి దశాబ్దాలలో యజ్ద్‌లో జరతుష్ట్రీయులు కొందరు, హమదాన్‌లో యూదులు కొందరు బహాయీలయ్యారు. ముస్లిం కుటుంబాల నుండి వచ్చిన బహాయీలు, వీరూ ఒకే చోట కూర్చుని తేనీరు తాగడం, భోజనం చేయడం ప్రారంభమయింది. తరతరాల అలవాటు ఒక్కనాడు పోదు. అయినా ఒకరి గిన్నెను మరొకరు తాకని పట్టణాలలో అది చిన్న మార్పు కాదు. ఇక్కడ గమనించవలసిన అంశమొకటి ఉంది. ఆ జరతుష్ట్రీయులు జరతుష్ట్రుని విడిచిపెట్టామని భావించలేదు. అతను చెప్పిన ఉద్ధారకుడే వచ్చాడని భావించారు. ముస్లింలుగా పుట్టినవారు జరతుష్ట్రుని కూడా నిజమైన ప్రవక్తగా అంగీకరించవలసి వచ్చింది. ఏకత్వ సిద్ధాంతం ఇరుపక్షాల నుండీ కొంత కోరింది.

మానెక్‌జీ అడిగిన ఇంకొక ప్రశ్న దీనికి సంబంధించినదే. కొన్ని మతాలు పరులను తమలోకి రానివ్వవు. కొన్ని వచ్చినవారిని రానిస్తాయి. కొన్ని రమ్మని ఒత్తిడి చేస్తాయి. వీటిలో ఏది మేలు? బహావుల్లా ఏ సమాజానికీ మార్కులు వేయలేదు. మనుషులందరూ సోదరులనీ, తనకు కోరుకున్నదానినే సోదరునికీ కోరడం సోదరధర్మమనీ సమాధానమిచ్చాడు. బలవంతపు మత ప్రవేశానికీ, ద్వేషంతో తలుపు మూయడానికీ కూడా ఈ సమాధానంలో చోటు లేదు.

సర్వధర్మ సమభావంతో పోలిక

భారతీయ పాఠకునికి ఈ బోధ వినగానే సర్వధర్మ సమభావం స్ఫురించడం సహజం. రెండూ పరమతాన్ని గౌరవించమంటాయి. కాని కారణాలు వేరు. శ్రీరామకృష్ణ పరమహంస బోధించిన మార్గంలో మతాలు ఒకే చెరువుకు నలుదిక్కుల ఉన్న రేవుల వంటివి. ఎవరి రేవులో వారు దిగవచ్చును, నీరు ఒకటే. ఇక్కడ మతాలు పక్కపక్కన ఉన్నాయి. బహాయీ దృష్టిలో మతాలు ఒకదాని వెనుక ఒకటిగా, ఒకే పాఠశాలలోని తరగతుల వలె ఉన్నాయి. మూడవ తరగతి ఉపాధ్యాయునికి బీజగణితం రాదని ఎవరూ అనరు. పిల్లవానికి అప్పటికి అంతే చాలునని అతను ఎరుగును. పదవ తరగతికి వచ్చినవాడు మూడవ తరగతి పాఠాన్ని అసత్యమని తీసివేయడు. అయితే అక్కడే కూర్చుండనూ కూర్చుండడు.

ఈ భేదాన్ని మరచినప్పుడు మూడు పొరపాట్లు దొర్లుతాయి. అన్ని మతాల ఆచారాలూ ఒకటేనని బహాయీలు అంటారనుకోవడం మొదటిది. వారు అనేది మూలం ఒకటేనని మాత్రమే. అన్ని మతాల నుండీ మంచిని ఏరి కలిపిన మిశ్రమం బహాయీ ధర్మమనుకోవడం రెండవది. అది తనకంటూ గ్రంథాలు, పంచాంగం, ఉపవాసం, శాసనాలు గల స్వతంత్ర మతం. పాత మతాలు అసత్యాలని వారు భావిస్తారనుకోవడం మూడవది. వైద్యుని మునుపటి చీటీని ఎవరూ అబద్ధమని అనరు.

అంగీకరించని వారి మాట

ఇంత విశాలమైన సిద్ధాంతాన్ని ఇతర మతస్థులు అందరూ ఎందుకు స్వాగతించలేదు? వారి కారణాలు బలమైనవి. వాటిని వినకుండా ఈ పాఠం పూర్తి కాదు.

బౌద్ధులకు సృష్టికర్త అయిన దేవుడు అంగీకారం కాదు. బుద్ధుని దైవప్రేరితుడైన ప్రవక్తగా గౌరవించడం, తమ బోధ సారాన్నే మార్చడమని వారు అనవచ్చును. బుద్ధుని అసలు వాక్యం పూర్తిగా మనకు దక్కలేదని బహాయీలు బదులు చెబుతారు. ఆ బదులు బౌద్ధులకు తృప్తినివ్వదు. హిందువులలో అధిక సంఖ్యాకులు నమ్మే పునర్జన్మను బహాయీ ధర్మం అంగీకరించదు; అబ్దుల్ బహా దానిని స్పష్టంగా నిరాకరించాడు. కృష్ణుని, బుద్ధుని బహాయీలు దైవ ప్రకాశకులుగా గుర్తిస్తారు. గురునానక్‌ను మహోన్నతుడైన సాధుపుంగవునిగా గౌరవిస్తారు కాని ఆ వరుసలో చేర్చరు. సిక్కుల విశ్వాసం దీనికి భిన్నమైనది. ఈ విధంగా ‘మతాల ఏకత్వం’ అన్న మాట కింద కూడా ఒక కొలబద్ద ఉంది. ఆ కొలబద్ద బహాయీలదే.

అన్నిటికంటె తీవ్రమైన విభేదం ఇస్లాంతో వచ్చింది. ముహమ్మద్ ప్రవక్తలలో చివరివాడని, ప్రవక్తల ముద్ర అని ఖురాన్ పేర్కొన్నది. అతని తరువాత మరొక ప్రవక్త ఉండడన్నది ముస్లింల మూల విశ్వాసం. ఏకత్వ స్థితిలో ప్రతి ప్రవక్తా మొదటివాడూ చివరివాడూ కూడా అవుతాడని ఈఖాన్ గ్రంథం ఈ మాటను వ్యాఖ్యానించింది. ముస్లిం పండితులు ఆ వ్యాఖ్యానాన్ని తోసిపుచ్చారు. వైద్యుడు మరల వస్తాడన్న ఉపమానం సరిగ్గా ఈ చోటనే వివాదాస్పదమవుతుంది.

ఈ వివాదం పుస్తకాలకు పరిమితమై ఉంటే చరిత్ర వేరుగా ఉండేది. 1979 నాటి ఇరాన్ రాజ్యాంగం జరతుష్ట్రీయులను, యూదులను, క్రైస్తవులను అల్పసంఖ్యాక మతస్థులుగా గుర్తించింది. ఆ దేశపు అతిపెద్ద ముస్లిమేతర సమాజమైన బహాయీలకు ఆ గుర్తింపు లభించలేదు. ఇస్లాంకు ముందు వచ్చిన మతాలకు చోటు ఉంది, తరువాత వచ్చినదానికి లేదు. 1979 తరువాత 200 మందికి పైగా బహాయీలు అక్కడ మరణశిక్షకు గురయ్యారు. 1983 జూన్‌లో షీరాజ్ నగరంలో పదిమంది బహాయీ స్త్రీలను ఒకే రాత్రి ఉరితీశారు. వారిలో ఒక బాలిక వయస్సు 17 సంవత్సరాలు. చిన్నపిల్లలకు మత పాఠాలు చెప్పడం ఆమెపై మోపబడిన అభియోగాలలో ఒకటి. మత విశ్వాసాన్ని వదులుకుంటామని చెప్పి ఉంటే వారికి ప్రాణభిక్ష లభించేది.

చివరి తరగతి ఏది?

విద్యార్థికి సహజంగా తోచే సందేహం ఇంకొకటి ఉంది. అందరికంటె చివర వచ్చిన మతం, వెనుకటివన్నీ కింది తరగతులని చెప్పడం ఆధిక్యతను చాటుకోవడం కాదా? తమను తుది మాటగా భావించినవారి పొరపాటునే బహాయీలూ చేయడం లేదా? ఈ ఆక్షేపణలో పస లేకపోలేదు. కింది తరగతిలో ఉన్నావని చెప్పించుకోవడం ఎవరికీ ఇంపుగా ఉండదు. బహాయీల సమాధానం రెండు విధాలుగా ఉంటుంది. తరగతుల భేదం శ్రోతల కాలానికి సంబంధించినదే కాని గురువుల ఘనతకు సంబంధించినది కాదన్నది మొదటిది. రెండవది మరింత స్పష్టమైనది. బహావుల్లా తనను చివరివానిగా చెప్పుకోలేదు. పూర్తిగా వెయ్యేళ్ళు గడిచేవరకూ మరొక ప్రవక్త రాడని కితాబె అఖ్దస్‌లో రాశాడు. అనగా ఆ తరువాత రావచ్చునని అర్థం. తన శాసనానికి కూడా కాలం తీరుతుందన్న అంగీకారం అందులో ఉంది. అంతవరకూ వెయ్యేళ్ళపాటు తన శాసనమే చెల్లుతుందన్న పట్టుదలా అందులోనే ఉంది.

ఈ బోధకు నేడు భారతదేశంలో అందరికీ కనిపించే రూపం ఢిల్లీలోని బహాయీ ఆరాధనా మందిరం. 1986 డిసెంబరులో ప్రారంభమైన ఈ కమల మందిరాన్ని ఇరాన్‌లో పుట్టిన వాస్తుశిల్పి ఫరీబుర్జ్ సహబా రూపొందించాడు. పాలరాతి పలకలు తాపడం చేసిన 27 రేకులు, తొమ్మిది ద్వారాలు దీనికి ఉన్నాయి. లోపల విగ్రహం లేదు, పూజారి లేడు, కర్మకాండ లేదు. వివిధ మతాల పవిత్ర గ్రంథాలలోని భాగాలను అక్కడ చదువుతారు, వాద్యాలు లేకుండా గానం చేస్తారు. ఉపన్యాసాలకు, వ్యాఖ్యానాలకు మాత్రం అనుమతి లేదు. ఏ గ్రంథానికి ఏమి అర్థమో, ఏది ఏ తరగతికి చెందినదో ఆ కప్పు కింద ఎవరూ ఎవరికీ చెప్పరు. మందిరంలోకి వచ్చిన ప్రతివాడూ తన గ్రంథంతోపాటు పక్కవాని గ్రంథాన్ని కూడా మౌనంగా విని వెళ్తాడు.

మానెక్‌జీ 1890లో టెహరాన్‌లో మరణించాడు. అతను బహాయీ కాలేదు. జరతుష్ట్రీయునిగానే జీవించి, జరతుష్ట్రీయునిగానే కన్నుమూశాడు. సమాధానం అతనిని ఒప్పించలేదు. అయినా అతను బందీ అయిన ఒక మతాచార్యుని గౌరవంగా ప్రశ్నించాడు. జవాబు అసంపూర్ణమని తోచినప్పుడు మరల అడిగాడు. ఎదుటివాడు విసుగు చెందక ఒక్కొక్క ప్రశ్ననూ తీసుకొని బదులు రాశాడు. ఆ ప్రశ్నలు లేకుంటే ఆ సమాధానాలు పుట్టేవి కావు. అందుకే బహాయీల పవిత్ర లేఖల సంపుటంలో వారి మతం పుచ్చుకోని ఈ సూరత్ ప్రాంతపు పార్శీ ప్రశ్నలు కూడా నేటికీ నిలిచి ఉన్నాయి.